భారతి పడవలో తెలుగు పాట

గోడమీద కనబడిన ఒక పోస్టరును ఫోనులో ఫోటో తీసుకుని, అందులోని తమిళ కవితను తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళు హోసూరులోనూ కృష్ణగిరిలోనూ చాలామంది ఉన్నారు. బడి ప్రహరీల మీద, గ్రంథాలయాల్లో, డిసెంబరు 11న సుబ్రహ్మణ్య భారతి జయంతికి కట్టే ఫ్లెక్సీల మీద ఆయన పాటల చరణాలు తరచూ కనిపిస్తుంటాయి. వాటిలో తెలుగువాళ్ళ కన్ను ఆగే చరణం ఒకటుంది. భారతి రాసిన 'భారత దేశం' అనే పాటలోది. సింధు నది, వెన్నెల, చేరనాటి పడుచులు, పడవలు, వాటి నడుమ తెలుగు పాట, ఇంతే ఆ చరణం. 1964లో వచ్చిన 'కై కొడుత్త దైవం' సినిమాలో ఈ పాటకు శివాజీ గణేశన్ భారతి వేషంలో నటించడంతో చదువురాని ఇళ్ళలోకి కూడా అది చేరింది. ఈ ఒక్క చరణాన్ని దగ్గరగా చూస్తే అనువాదం గురించి ఒక సంగతి తెలుస్తుంది. కవితలోని బొమ్మలను, అంటే నదిని, ఊరిని, భాషను, ఉన్నవి ఉన్నట్టుగా ఉంచాలి. భావాన్ని నిలబెట్టడానికి మనం కష్టపడవలసిన చోటు వేరే ఉంది. అది క్రియాపదం, ఆ తర్వాత నాదం. ఈ మాట ఎందుకంటున్నానో ఒక్కొక్క మెట్టుగా చెబుతాను.

ముందు ఈ అనువాదం ఎవరికి అవసరమో చూద్దాం. ఇక్కడి తెలుగువాళ్ళకు తమిళం వచ్చుకదా, ఇక తెలుగు ఎందుకు అని అడిగేవాళ్ళున్నారు. ఒకప్పటి సేలం జిల్లా నుంచి 1965లో ధర్మపురి, అందులోంచి 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. జిల్లా పేరు మారింది కానీ ఈ నేల మీద తెలుగు, తమిళం, కన్నడం కలిసి బతకడం మారలేదు. మారింది బడి. తమిళం నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకింది. దాంతో ఇళ్ళలో ఒక విచిత్రమైన పంపకం జరిగింది. తెలుగు మీడియంలో చదివిన తాతకు తెలుగు అక్షరాలు వచ్చు. మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం తమిళంలోనే. పోస్టరు మీది చరణాన్ని ఆమె చదవగలదు, తాత వినగలడు. ఆమె అక్షరం వెంట అక్షరం చదివి వినిపిస్తే అర్థం అందవచ్చు. కానీ ఆ పాట తన ఇంటి భాషలో ఎలా పలుకుతుందో ఇద్దరికీ తెలియదు. అనువాదం ఆ ఇద్దరి కోసం. తమిళం తెలియనివాళ్ళకు సమాచారం అందించడం ఇక్కడ పని కాదు, తెలిసిన పాటను తమ మాటలో మరోసారి వినడం పని. అందుకే తప్పు దొర్లితే ఇక్కడ వెంటనే పట్టుబడుతుంది. మూలం ఎదురుగా గోడమీదే ఉంటుంది.

తప్పులు మొదలయ్యేది అనువాదంలో కాదు, ఫోటోలో. ఫ్లెక్సీ గుడ్డ మీద ఎండ పడితే మధ్యలో తెల్లటి మెరుపు వచ్చి రెండు అక్షరాలు మాయమవుతాయి. పక్క నుంచి తీస్తే చివరి మాటలు కుంచించుకుపోతాయి. అందుకని పోస్టరుకు ఎదురుగా నిలబడి, నీడ ఉన్న వేళలో, మొత్తం కనబడేలా ఒకటి, చరణం మాత్రమే నిండేలా ఒకటి, రెండు ఫోటోలు తీసుకోవాలి. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కవి పేరును వదిలిపెట్టకూడదు. ఆ తర్వాత కూడా పోస్టరును నమ్మి కూర్చోకూడదు. బొమ్మ గీసినవాళ్ళు స్థలాన్నిబట్టి వరుసలు విరుస్తారు, కవి విరిచిన చోట కాదు. ఈ చరణంలో పాట పాడటాన్ని చెప్పే మాట పాట్టు, ఇసైత్తు అనే రెండు పదాల కలయిక. కలిసినప్పుడు పాట్టిసైత్తు అవుతుంది. చోటు చాలక 'పాట్టి' దగ్గర వరుస విరిగిందనుకోండి, తమిళంలో పాట్టి అంటే అవ్వ. వెన్నెల్లో పడవ మీదికి ఉన్నట్టుండి ఒక అవ్వ వచ్చి కూర్చుంటుంది. అలాగే పడవకు వాడిన మాట తోణి. అందులోని పెద్ద ణకారం బదులు చిన్న నకారం అచ్చయితే, క్రికెటర్ ధోనీ పేరును తమిళంలో రాసే తీరు అది. ఇలాంటివి గుర్తుపట్టడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఒక మాట చరణంలోని మిగతా బొమ్మలతో పొసగకపోతే, కవి కొత్తగా ఏదో అన్నాడని మురిసిపోకుండా అక్షరాన్ని అనుమానించాలి. భారతి కవితల అచ్చు పుస్తకం ఏ ఊరి గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. దానితో పోల్చి సరిచూసుకున్న తర్వాతే కలం పట్టాలి.

ఇప్పుడు బొమ్మల సంగతి. పాట మొత్తంలో ఈ చరణం ఎక్కడుందో తెలిస్తే బొమ్మల పని తెలుస్తుంది. చుట్టుపక్కల చరణాల్లో భారతి ఇచ్చిపుచ్చుకోవడాన్ని వర్ణిస్తాడు. గంగ ఒడ్డున పండే గోధుమలకు మారుగా కావేరి తమలపాకులు వెళ్తాయి. మరాఠీ కవిత్వానికి బహుమానంగా కేరళ ఏనుగు దంతం వెళ్తుంది. కాశీ పండితుల మాటలను కంచిలో కూర్చుని వినడానికి ఒక యంత్రం కావాలంటాడు. ఆకాశవాణి లేని రోజుల్లో ఆయన కోరిన కోరిక అది. ఈ వరుసలోనే మన చరణం వస్తుంది. నది వాయవ్యానిది, చెలులు పడమటి తీరానివాళ్ళు, పాట తూర్పు తీరపు భాషలోది. పాడమని పిలుస్తున్నవాడు తమిళుడు, కానీ ఈ చరణంలో ఆయన తన భాష పేరెత్తలేదు. మూడు దిక్కుల మూడు వస్తువులు ఒకే పడవలో కూడటమే ఇందులోని దృశ్యం. వీటిలో ఒకదాన్ని తీసి ఇంకొకటి పెడితే దృశ్యంలో ఒక మూల ఖాళీ అవుతుంది.

సింధు విషయంలోనే మొదటి అభ్యంతరం వస్తుంది. 1921లో భారతి చనిపోయేనాటికి సింధు పారే నేలలో చాలాభాగం ఒకే దేశం. 1947 తర్వాత ఆ నది చాలాదూరం పాకిస్తాన్‌లో పారుతోంది. ఈనాటి పాఠకుడికి అందులో పడవ షికారు అంటే వేరే అర్థాలు తోస్తాయి, గంగ అనో గోదావరి అనో మారిస్తే హాయిగా ఉంటుంది కదా అంటారు. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ గంగ ఈ పాటలో ఇంకో చరణంలో ఇప్పటికే ఉంది, గోధుమలు పండిస్తోంది. గోదావరి పెడితే నదీ తెలుగువాళ్ళదే, పాటా తెలుగువాళ్ళదే అవుతుంది. ఇక పడవ మన ఊరి రేవు దాటదు. దూరమే ఈ బొమ్మకు ప్రాణం. ఎంత దూరపు నది అయితే పాట అంత పెద్దదవుతుంది. పైగా సింధు ఈనాటికీ లదాఖ్‌లో మన దేశం గుండానే పారుతోంది. కాలం ఒక కవిత మీద వేసిన నీడను చెరపడం అనువాదకుడి పని కాదు. ఆ నీడతో సహా చదవగల పాఠకుడు మనకున్నాడు.

రెండోది చేరదేశం. కేరళ అంటే అందరికీ తెలుస్తుంది, అయినా భారతి వాడిన చేర అనే పాత పేరునే ఉంచాలని నేనంటాను. దీనికి నాదం ఒక కారణం, అది తర్వాత చెబుతాను. చరిత్ర ఇంకో కారణం. చేర, చోళ, పాండ్య అని వరుసగా వినగానే ఈనాటి రాష్ట్రాల సరిహద్దులు మనసులోంచి తొలగిపోతాయి. కానీ ఉంచే తీరులో జాగ్రత్త కావాలి. తెలుగులో 'చేర' అని విడిగా వింటే చేరడానికి అనే అర్థం ముందుగా తగులుతుంది, దరి చేర, ఒడ్డు చేర అన్నట్టు. చేరనాటి అంటే చదివినప్పుడు బాగానే ఉంటుంది కానీ, వింటే చేరుల కాలం నాటి అని పొరబడే వీలుంది. చేరసీమ అంటే ఈ రెండు చిక్కులూ విడిపోతాయి. సీమ అనే మాట మనకు కొత్తది కాదు. హోసూరు వాళ్ళకు ఆ పక్కనే రాయలసీమ ఉండనే ఉంది.

ఆ సీమ పడుచుల దగ్గర అనువాదకులు ఎక్కువగా జారిపడే చోటుంది. మూలంలో వాళ్ళు వయసులో ఉన్నవాళ్ళు అని మాత్రమే ఉంది. వాళ్ళ నాడు మంచి నాడు అని ఉంది. అందమైనది అన్న విశేషణం ఈ చరణంలో ఒక్కదానికే దక్కింది, అది భాషకు. కేరళ అందగత్తెలు అని రాసినా, చల్లని వెన్నెల, తళతళలాడే నీళ్ళు అని అలంకరించినా, మూలంలో లేని సొగసు చరణమంతా పులిమినట్టే. అప్పుడు తెలుగుకు దక్కిన ఆ ఒక్క సుందర శబ్దం గుంపులో కలిసిపోతుంది. బొమ్మను కాపాడటం అంటే ఉన్నదాన్ని ఉంచడం మాత్రమే కాదు, లేనిదాన్ని చేర్చకపోవడం కూడా. చెలులకు నేను ఆడపిల్లలు అనే మాటనే ఎంచుకుంటాను. వాళ్ళు ఎవరి చూపులకో ఎరగా లేరు, సాటివాళ్ళుగా పడవలో ఉన్నారు. మూలంలో తోడుగా, కలిసి అనే అర్థమిచ్చే ప్రత్యయమే ఉంది. అందుకని వాళ్ళ నడుమ అని కాక వాళ్ళతో కలిసి అనాలి. వెన్నెల సంగతి కూడా ఇంతే. నిలవు అనే తమిళ మాటకు చంద్రుడు అనీ వెన్నెల అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. ఇక్కడున్నది లోపల అనే అర్థమిచ్చే విభక్తి కాబట్టి పడవ ఉన్నది వెన్నెల లోపల. చంద్రుణ్ణి తెచ్చి ఆకాశంలో నిలబెడితే కాంతి పైనే ఉండిపోతుంది. వెన్నెలలోన అంటే ఆ కాంతిలో మనమూ ఉంటాం.

ఇక అసలు చిక్కు తెలుగు అనే మాట దగ్గర ఉంది. తమిళంలో తమిళుడు తెలుగును సుందరమని అంటే అది పొరుగువాడికి ఇచ్చే గౌరవం. అదే వాక్యం తెలుగులోకి వచ్చి తెలుగువాడి నోట పలికితే సొంత డబ్బా అవుతుంది. మాటలన్నీ అవే, అర్థమూ అదే, భావం మాత్రం తలకిందులైంది. భావాన్ని కాపాడాలంటే బొమ్మను మార్చక తప్పదని వాదించేవాళ్ళకు ఇది బలమైన ఆధారం. వాళ్ళు చెప్పే పరిష్కారం కూడా మర్యాదగానే ఉంది. తెలుగు అనువాదంలో సుందర తమిళం అని రాద్దాం, అప్పుడు తెలుగువాడు తమిళాన్ని మెచ్చుకున్నట్టవుతుంది, భారతి తెలుగుకు చేసినదే మనం తమిళానికి చేసినట్టవుతుంది, ఇచ్చిన మర్యాద తిరిగి ఇచ్చినట్టవుతుంది అంటారు. హోసూరు లాంటి చోట ఈ వాదానికి ఆకర్షణ ఎక్కువ. తమిళ పొరుగువాళ్ళ మధ్య బతుకుతూ మన భాషను మనమే పొగుడుకోవడానికి మొహమాటంగా ఉండటం సహజం.

అయినా ఈ మార్పు తగదు. ఎందుకు తగదో చెప్పడానికి, భారతి తెలుగునే ఎందుకు ఎంచుకున్నాడో చూడాలి. అది ఛందస్సు కోసం తోచిన మాట కాదు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి త్యాగరాజు తెలుగులో కీర్తనలు కట్టాడు. ఆయన 1847లో పోయాక శిష్యుల ద్వారా ఆ కీర్తనలు తమిళదేశమంతటా పాకాయి. తమిళనాట కచేరీలో పాట అంటే చాలాకాలం తెలుగు కీర్తనే. భారతి పెరిగిన లోకంలో పాటకూ తెలుగుకూ ఉన్న సంబంధం చెవులతో విన్న నిజం. ఇంకో నిజం కూడా ఉంది. అర్థం తెలియని కీర్తనలనే విద్వాంసులు మళ్ళీ మళ్ళీ పాడటాన్ని భారతి తన సంగీత వ్యాసాల్లో తప్పుపట్టాడు. తమిళంలో కొత్త పాటలు పుట్టాలన్నాడు, తానే రాశాడు కూడా. అలా వాదించినవాడే దేశమంతా కలిసి పాడుకునే పాటకు తెలుగును పేరుపెట్టి పిలిచాడు. ఆ పిలుపు బరువు అక్కడుంది. తెలుగు తీసి తమిళం పెడితే ఈ చరిత్ర అంతా ఒక్క దెబ్బకు పోతుంది. తమిళకవి తన పాటలో తన భాషనే పొగిడాడని, మూలం చదవలేని పాఠకుడు నమ్ముతాడు. మర్యాద తిరిగి ఇద్దామనుకున్నవాళ్ళు, తెలియకుండానే భారతి ఇచ్చిన మర్యాదను తుడిచేసినవాళ్ళవుతారు. తమిళాన్ని మెచ్చుకోవాలనిపిస్తే దానికి సొంతంగా ఒక పాట రాసుకోవచ్చు, అది మంచి పనే. దాని కింద భారతి పేరు పెట్టకూడదు.

అయితే సొంత డబ్బా చిక్కు తీరేదెలా? నా సమాధానం చరణం చివర ఉన్న క్రియలో ఉంది. తమిళంలో ఓం అనే ముగింపు మేము చేస్తాం అనే అర్థాన్నీ ఇస్తుంది, అందరం కలిసి చేద్దాం అనే అర్థాన్నీ ఇస్తుంది. తమిళ పాఠకుడికి రెండూ ఒకేసారి వినబడతాయి. తెలుగులో ఆ రెండూ రెండు దారులు. ఆడుకుంటాం అంటే ఒక గుంపు తన సంగతి తాను చెప్పుకుంటున్నట్టుంటుంది. ఆడుకుందాం అంటే వింటున్నవాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించినట్టుంటుంది. తెలుగు అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మొదటిది ఎంచుకుంటే తెలుగువాళ్ళు తమ సుందర భాషలో తాము పాడుకుంటున్నారు, మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి చూస్తున్నారు. అది డబ్బానే. రెండోది ఎంచుకుంటే పాట పిలుపు అవుతుంది. పిలుపులో పొగడ్త ఇమిడిపోతుంది. మా భాష గొప్పది అనడం వేరు, రండి, ఈ భాషలో కలిసి పాడుదాం అనడం వేరు. సుందర అనే మాట రెండిటిలోనూ ఉంది, కానీ రెండోదాంట్లో అది ఇంటికి పిలిచినవాళ్ళ ముందు పెట్టిన విస్తరి. అంటే భావం నిలిచిందా పడిందా అనేది సుందర అనే విశేషణం మీద ఆధారపడి లేదు, టాం, దాం అనే చివరి అక్షరం మీద ఆధారపడి ఉంది. బొమ్మలను ముట్టుకోకుండానే భావాన్ని కాపాడవచ్చు అనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కరలేదు.

ఈ క్రియలోనే ఇంకో సూక్ష్మం ఉంది. మూలంలో విళైయాడి, వరువోం అని రెండు క్రియలు పక్కపక్కన ఉంటాయి. వరువోం అనే మాటకు వస్తాం అని విడిగా అర్థం చెబితే, ఎక్కడికి వస్తారు అన్న ప్రశ్న పుడుతుంది. ఒక పనిని చేసి రావడం, చేస్తూ తిరగడం అనే అర్థంలో తమిళం ఆ క్రియను వాడుకుంటుంది. అదృష్టవశాత్తూ తెలుగుకూ ఆ అలవాటుంది. చూసి వద్దాం, తిరిగి వద్దాం, ఆడి వద్దాం అని రోజూ అంటాం. కాబట్టి ఆడి వద్దాం అంటే మూలంలోని రెండు క్రియలూ నిలుస్తాయి, పిలుపూ నిలుస్తుంది, తెలుగూ నిలుస్తుంది. విహరింతుము, క్రీడింతుము అని గ్రాంథికం వైపు వెళ్ళాల్సిన పనిలేదు. ఆ రూపాల్లో పిలుపు వినబడదు, ప్రకటన వినబడుతుంది.

చివరిగా నాదం. మూలంలో మొదటి మూడు పాదాలు సింధు, చేర, సుందర అనే మాటలతో మొదలవుతాయి. తమిళంలో ఈ మూడింటికీ మొదటి హల్లు ఒకే అక్షరం. ఆ భాషలో దీన్ని మోనై అంటారు, పాదాలను తల దగ్గర కట్టే దారం అది. తెలుగులో సకారం, చకారం వేరువేరు అక్షరాలు. అయినా మన ఛందస్సులో చ, జ, శ, ష, సలకు యతిమైత్రి ఉంది. తమిళ లిపి ఒకే అక్షరంగా రాసేదాన్ని తెలుగు ఛందస్సు స్నేహంగా ఒప్పుకుంటుంది. కాబట్టి కేరళ అని మార్చకుండా చేరసీమ అని ఉంచితే మూడు పాదాల తలకట్టు తెలుగులో కూడా చెవికి అందుతుంది. ఇందాక తర్వాత చెబుతానన్న కారణం ఇదే. మాత్రల లెక్క కూడా చూడండి. మూలం మొదటి పాదాన్ని మన గురులఘువుల లెక్కలో కొలిస్తే పదహారు మాత్రలు. సింధూ నది మీద అనే మాటకు వెన్నెలలోన అనే మాట చేరిస్తే తెలుగులోనూ సరిగ్గా పదహారు. సుందర తెలుగులో అనే మాట తర్వాత పాటలు, పాడి అనే రెండు మాటలు పెట్టినా పదహారే. అందుకోసం తెలుంగున అనే పాత రూపాన్ని తవ్వి తీయనక్కరలేదు, రోజూ మాట్లాడే తెలుగులో అనే రూపమే లయకు సరిపోతోంది. అన్ని కవితలకూ ఇలా కుదరదు. కుదరని చోట గోడమీద చదువుకునే అనువాదానికి లయను కొంత వదులుకోవచ్చు, బాణీలో పాడుకునేదానికి మాత్రం వదులుకోకూడదు. మొదలుపెట్టే ముందే ఈ రెండింటిలో ఏది చేస్తున్నామో తేల్చుకోవాలి. పరీక్ష సులువే. రాసినదాన్ని తాళం వేస్తూ గట్టిగా చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ ఒక మాట ఎక్కువైందని అర్థం. ఆ ఎక్కువైన మాట దాదాపు ఎప్పుడూ మనం చేర్చిన విశేషణమే అయి ఉంటుంది.

ఇంత నిక్కచ్చిగా ఉంటే అనువాదం బిగుసుకుపోదా, అనువాదకుడికి స్వేచ్ఛ అక్కరలేదా అనే ప్రశ్న మిగులుతుంది. అక్కరలేదని నేననను. నాడును సీమ చేశాం, పెంగళ్‌ను ఆడపిల్లలు చేశాం, రెండర్థాల క్రియకు ఒకే అర్థం ఎంచుకున్నాం. ఇదంతా స్వేచ్ఛే. కానీ ఈ స్వేచ్ఛ మన భాష ఒప్పుకునే తీరులో మూలాన్ని పలికించడానికి వాడినది. నదిని మార్చడం, భాషను మార్చడం, చెలులకు అందం తగిలించడం కవి చూసినదాన్ని మార్చడం. మొదటిదానికి అనువాదకుడికి హక్కు ఉంది, రెండోదానికి లేదు. చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. భారతి రచనల హక్కులను 1949లో అప్పటి మద్రాసు ప్రభుత్వం తీసుకుని, ఆ తర్వాత ప్రజలందరికీ వదిలిపెట్టింది. ఆయన కవితను ఎవరైనా అనువదించి అచ్చువేసుకోవచ్చు. అన్నిటికీ ఇది వర్తించదు. హోసూరు దగ్గరి తొరపళ్ళిలో పుట్టిన రాజాజీ 1972లో పోయారు. కవి పోయిన ఏడాది దాటి అరవై ఏళ్ళు హక్కు నిలుస్తుంది కాబట్టి ఆయన రాసిన పాట ఏదైనా పోస్టరు మీద కనబడితే, దాని అనువాదాన్ని అచ్చువేయడానికి 2032 చివరివరకూ వారసుల అనుమతి కావాలి. సినిమా పాటల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంట్లో చదివి వినిపించుకోవడానికి అడ్డేమీ లేదు, పోస్టరుగా అచ్చువేయాలంటేనే అడగాలి.

హోసూరు, కృష్ణగిరి శ్రోతలకు నా విన్నపం ఇది. భారతి చరణాన్ని తెలుగులో రాసి పంచుకునేటప్పుడు దాని కింద సుబ్రహ్మణ్య భారతి, తమిళ మూలం అని రెండు మాటలు తప్పకుండా రాయండి. తెలుగును సుందరమని అన్నది తెలుగువాడు కాదని చదివేవాళ్ళకు తెలియాలి. ఆ రెండు మాటలు లేకపోతే మనం ఎంత జాగ్రత్తగా అనువదించినా అది మన పొగడ్తగానే మిగిలిపోతుంది. అవి ఉంటే, ఒక తమిళకవి మన భాషను దేశమంతటి పాటకు పిలిచాడన్న నిజం నిలుస్తుంది.